రగ్బీ హ్యాండిక్యాప్‌లో 7 తేడాకు ఎంత వాటా ఇవ్వాలి?

రగ్బీ యూనియన్‌లో ట్రై 5, కన్వర్షన్ 2, పెనాల్టీ 3 కాబట్టి గెలుపు తేడాలు 3, 5, 7 దగ్గర గుమిగూడతాయి. నా మోడల్ మాత్రం నార్మల్ కర్వ్: సగటు 7, ప్రామాణిక విచలనం 14. అది సరిగ్గా 7 తేడాకు 3 శాతం లోపే సంభావ్యత ఇస్తోంది. అందుకే -6.5కి 1.94, -7.5కి 2.06 ధర వస్తోంది. 7 వాటా నిజానికి 5 శాతమై, మిగతాది రెండు వైపులా సమానమైతే, 1.90, 2.11 రావాలి. ఇది చిన్న తేడా కాదు.

ఆ అదనపు వాటాను ఎక్కడి నుంచి తీయాలి? 6, 8 నుంచి తీస్తే 1-12 గెలుపు తేడా బ్యాండ్ ధర కదలదు. 13 పైనుంచి తీస్తే కదులుతుంది. ట్రైలు, కిక్‌లు విడిగా సిమ్యులేట్ చేసి చూశాను. కానీ చివర్లో 5 ఆధిక్యంలో ఉన్న జట్టు పెనాల్టీ కొట్టి 8కి వెళ్తుంది కదా, అలాంటి నిర్ణయాలు అందులో లేవు. వాటిని ఎలా చేర్చాలో చేసినవాళ్లు చెప్పండి.