ఫోటో పడలేదు: ఉచిత విద్య ప్రశ్నకి 45 పెట్టాలా, 21ఎ పెట్టాలా?

పొదిలి పద్మ: సోషల్ తెలిసినవాళ్లు కాస్త చూడండి. మా పాపకి రేపు స్లిప్ టెస్ట్. టెక్స్ట్‌బుక్ పేజీ ఫోటో పెట్టాను, అందులో 3వ బిట్. మా అన్న కొడుకు వాడిన పాత గైడ్‌లో ఒక జవాబు ఉంది, క్లాసులో మేడం ఇంకోటి చెప్పిందంట. ఏది రాయమనాలి?

కావలి మాస్టారు: అమ్మా, ఫోటో రాలేదు, తెల్ల గడి ఒక్కటే కనపడుతోంది. ప్రశ్నని ఉన్నదున్నట్టు టైపు చేయండి, ఆర్టికల్ నంబరు పక్కన అక్షరముంటే అది కూడా. 21కీ 21ఎకీ చాలా తేడా ఉంది.

పొదిలి పద్మ: పుస్తకం పక్కింటి పిల్ల పట్టుకుపోయింది సార్. గుర్తున్నంతవరకు "పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య ఏ ఆర్టికల్". ఆప్షన్లు 21ఎ, 45, 24, ఇంకోటేదో.

ఒంగోలు గ్రూప్స్: 45 అక్కా, ఆదేశిక సూత్రాల్లో ఉంటుంది, 14 ఏళ్ల లోపు పిల్లలందరికీ. కళ్లు మూసుకుని పెట్టేయమనండి.

కావలి మాస్టారు: తమ్ముడూ, నువ్వు చెప్పింది పాత 45. రాజ్యాంగం అమల్లోకొచ్చిన పదేళ్లలోగా 14 ఏళ్లు నిండేవరకు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య ఇచ్చేందుకు రాజ్యం ప్రయత్నించాలని అందులో ఉండేది. ప్రయత్నించాలనే, అంతకుమించి కాదు, అందుకే పదేళ్లు కాదు యాభై ఏళ్లు దాటాయి. 2002లో 86వ సవరణ వచ్చి దాన్ని రెండుగా విడగొట్టింది. 6 నుంచి 14 ఏళ్ల వాళ్ల చదువు 21ఎగా ప్రాథమిక హక్కుల్లో చేరింది. 45లో ఆరేళ్లు నిండేవరకు పిల్లల సంరక్షణ, విద్య మాత్రమే మిగిలింది. సవరణ 2002దే అయినా అమలు మాత్రం 2010 ఏప్రిల్ 1 నుంచి, విద్యా హక్కు చట్టంతో పాటు. పాత గైడ్‌కీ మేడంకీ తేడా అక్కడే వచ్చి ఉంటుంది. ప్రశ్నలో వయసు ఎంతని ఇచ్చారో అదొక్కటి కనుక్కోండమ్మా.

చీమకుర్తి రమణ: మాస్టారూ, మావాడికి ప్రైవేటు స్కూల్లో ఫ్రీ సీటు అడిగితే తిప్పుతున్నారు. ఆర్టికల్ 12 ప్రకారం 25 శాతం ఇవ్వాలి కదా?

కావలి మాస్టారు: అది ఆర్టికల్ కాదు రమణా, విద్యా హక్కు చట్టంలో సెక్షన్ 12. ఒకటో తరగతి సీట్లలో కనీసం 25 శాతం బలహీన వర్గాల, వెనకబడిన పిల్లలకివ్వాలనేది అక్కడుంది. రాజ్యాంగం ఆర్టికల్ 12 తీస్తే "రాజ్యం" అంటే ఎవరెవరో ఉంటుంది, సీట్ల మాటే ఉండదు. అర్జీలో ఆర్టికల్ అని రాశావంటే దిద్దుకో. సీటు సంగతి వేరే పోస్టు పెట్టు, ఇక్కడ పద్మగారి ప్రశ్న కలిసిపోతుంది.

ఒంగోలు గ్రూప్స్: సరే సార్, మరి 2002కి ముందు చదువు హక్కే కాదా? 1993 ఉన్నికృష్ణన్ కేసని చదివినట్టు గుర్తు.

కావలి మాస్టారు: ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్, మన రాష్ట్రం మీద కేసే. 14 ఏళ్ల వరకు చదువు ఆర్టికల్ 21లోని జీవించే హక్కులో భాగమంది సుప్రీంకోర్టు. ఆ కేసు మీద బిట్టొస్తే జవాబు ఉత్త 21. పక్కన అక్షరం టైపు చేయమన్నది ఇందుకే.

పొదిలి పద్మ: పుస్తకం వచ్చింది సార్! చూసి టైపు చేస్తున్నా. "ఆరు సంవత్సరాలు నిండే వరకు బాలల సంరక్షణ, విద్యకు సంబంధించిన ఆర్టికల్". ఉచిత నిర్బంధ అనే మాటే లేదు, నేనే కలిపేశాను.

ఒంగోలు గ్రూప్స్: 45! చెప్పానా లేదా 😄

కావలి మాస్టారు: నంబరు తగిలింది, కారణం తగల్లేదు. 14 ఏళ్ల లోపు అన్నావు నువ్వు. పద్మగారూ, ఈ బిట్టుకి 45 రాయించండి. 6 నుంచి 14 అని అడిగితే 21ఎ అని కూడా చెప్పి పంపండి. మేడం చెప్పింది ఆ బిట్టు గురించేమో.

పొదిలి పద్మ: మేడం 21ఎ అనే చెప్పిందంట, ఏ బిట్టుకో దీనికి గుర్తులేదు. ఇంకోటి సార్, 4వ బిట్ "పిల్లలకు చదువు చెప్పించడం తల్లిదండ్రుల విధి". పేజీ అంచు చిరిగింది, 51ఎ వరకే కనిపిస్తోంది, బ్రాకెట్‌లో అక్షరం పోయింది.

కావలి మాస్టారు: అది పదకొండో విధి, అదే 86వ సవరణలో చేరింది, ఇంగ్లీషులో అయితే 51ఎ(కె). తెలుగు పుస్తకంలో ఏ అక్షరం వేశారో చూడకుండా చెప్పలేను. ఇదే ఎడిషన్ ఉన్నవాళ్లు ఎవరైనా ఆ లైను టైపు చేయండి, ఫోటో వద్దు.

చీమకుర్తి రమణ: మావాడి అక్క దగ్గర ఉండాలి, ట్యూషన్ నుంచి రాగానే చూసి పెడతా.