వడ్రంగి పిట్టకి తలనొప్పి రాదా?

పెరటి_మునగ: మా పెరట్లో మొవ్వు పోయి మోడుగా మిగిలిన కొబ్బరి చెట్టు ఒకటుంది. వీపు బంగారు రంగు, నెత్తిన ఎర్ర కుచ్చు ఉన్న వడ్రంగి పిట్ట పొద్దున్నే దాని మీద వాలి టకటకమంటూ కొడుతుంది. కాసేపు ఆగుతుంది, మళ్ళీ మొదలు. నేను గుమ్మానికి ఒక్కసారి నుదురు కొట్టుకుంటేనే సాయంత్రం దాకా తల దిమ్ముగా ఉంటుంది. దీని మెదడు ఏమీ కాకుండా ఎలా ఉంటోందండీ?

సైకిల్_సారు: తేలికే. ముక్కుకీ మెదడుకీ మధ్య స్పాంజిలాంటి ఎముక ఉంటుంది. పైగా నాలుక పుర్రె వెనకనుంచి చుట్టి వచ్చి సీటుబెల్టులా పట్టుకుంటుంది. దెబ్బంతా అక్కడే ఆగిపోతుంది. పిల్లలకి ఏళ్ళుగా ఇదే చెబుతున్నా.

మైనా_నోట్సు: సారూ, నాలుక పుర్రె చుట్టూ తిరిగి వచ్చేది నిజమే. పొడవాటి నాలుకని బొరియలోకి చాచి పురుగుని లాగాలంటే దాన్ని ఎక్కడో దాచుకోవాలి కదా. స్పాంజి సంగతే నిలబడలేదు. బెల్జియంలో యాంట్‌వెర్ప్ యూనివర్సిటీకి చెందిన వాన్ వాసెన్‌బర్గ్ బృందం మూడు జాతుల వడ్రంగి పిట్టల్ని హైస్పీడ్ కెమెరాతో తీసింది. 2022లో ఫలితాలు వచ్చాయి. ముక్కు మీద ఒక చోటునీ కంటినీ ఫ్రేము ఫ్రేముకీ కొలిచారు. మధ్యలో స్పాంజి నొక్కుకుపోతుంటే ముక్కు టక్కున ఆగాక కన్ను కాస్త నెమ్మదిగా ఆగాలి. అలా జరగలేదు. రెండూ ఒకేలా ఆగాయి. అంటే తల మొత్తం గట్టి సుత్తే.

ఆలోచిస్తే సబబే. సుత్తికి రబ్బరు తొడిగి మేకు కొడితే దిగుతుందా? స్పాంజి మింగేసిన బలాన్ని పూడ్చడానికి పిట్ట ఇంకా గట్టిగా కొట్టాలి. చివరికి మిగిలేది ఆయాసమే.

సైకిల్_సారు: మరి ఆ దెబ్బ మెదడుకి తగలదంటారా? ఏదో ఒకటి ఆపాలి కదా!

మైనా_నోట్సు: తగులుతుంది సారూ. ఆ పిట్టల తల ఆగేటప్పుడు 400 g దాకా నమోదైంది, అంటే భూమ్యాకర్షణకి 400 రెట్లు. మనుషులకి 135 g దగ్గరే మెదడు దెబ్బతినే ప్రమాదం మొదలవుతుందని లెక్క. కాపాడేది మెదడు సైజు. తల ఆగినా లోపలి మెదడు ముందుకే పోబోతుంది, దాని బరువే దాన్ని పుర్రెకి నొక్కుతుంది. మెదడు ఎంత పొడవుంటే వెనకనుంచి తోసే సరుకు అంత ఎక్కువ. గట్టిగా బ్రేకు వేసిన బస్సులో ముందు నిలబడ్డవాడి మీద వెనకున్న అందరి బరువూ పడ్డట్టు. పిట్ట బస్సులో ఉన్నది ఇద్దరే.

ఉజ్జాయింపుగా చూడండి. మన మెదడు పొడవు 16 సెం.మీ. అనుకుందాం, 135తో గుణిస్తే 2160. పిట్టది రెండున్నర సెం.మీ. అనుకుంటే, 400తో 1000. మన ప్రమాద గీతలో సగం కూడా కాలేదు.

జంగల్_రాజన్న: గట్లనా అన్నా! మా ఊర్ల ఒకటి ఇనుప స్తంభానికి కొట్టంగ చూసిన. అప్పుడేమైతది మరి?

మైనా_నోట్సు: ఇనుము చెక్కకన్నా చాలా గట్టిది కాబట్టి తల ఇంకా తక్కువ సమయంలో ఆగుతుంది, ఆ గీతకి దగ్గరపడొచ్చు. కానీ అది తిండి కోసం కొట్టే దెబ్బ కాకపోవచ్చు. మోత దూరం వినిపించడానికి, ఈ చోటు నాదే అని చెప్పడానికి కూడా కొడతాయి.

ల్యాబు_కోటు: మెదడుకి అసలేమీ కాదని మాత్రం రాసేయకండి. 2018లో బోస్టన్ వాళ్ళు మ్యూజియంలో భద్రపరచిన పది వడ్రంగి పిట్టల మెదళ్ళు కోసి చూస్తే ఎనిమిదింటిలో టావ్ అనే ప్రోటీన్ పేరుకుని కనిపించింది. పోల్చి చూసిన వేరే జాతి పిట్టల్లో లేదు. తలకి పదే పదే దెబ్బలు తగిలిన ఆటగాళ్ళ మెదళ్ళలో పేరుకునేదీ ఇదే.

మైనా_నోట్సు: ఒప్పుకుంటా. నా లెక్క ఒక్క దెబ్బకే, జీవితాంతం కొట్టే దెబ్బలకి కాదు. అయితే ఆ టావ్ గాయం గుర్తా, గాయం కాకుండా కాచేదా అన్నది ఆ అధ్యయనమూ తేల్చలేదు.

ల్యాబు_కోటు: పది మెదళ్ళతో తేలే పని కాదు లెండి. నేనైతే గాయం వైపే మొగ్గుతా.

తోట_సుబ్బారాయుడు: ఇదంతా బాగుంది గానీ, మా తోటలో కాపు మీదున్న కొబ్బరి చెట్టుకే బెజ్జాలు పెడుతోందండీ. తరిమే మందేమైనా ఉందా?

మైనా_నోట్సు: తరమకండి బాబాయ్. లోపల పురుగుండి కూడా అది అంత పట్టుగా తవ్వుతుండొచ్చు. ముందు కాండం చూడండి. రంధ్రాల్లోంచి ముదురు గోధుమరంగు జిగురు కారుతోందా, నమిలి ఉమ్మిన పీచు బయటికొస్తోందా? అయితే ఎర్రముక్కు పురుగు.

తోట_సుబ్బారాయుడు: ఇప్పుడే చూసొచ్చా. పిట్ట కొట్టిన వైపు ఏమీ లేదు. అవతలి వైపు, మోకాలెత్తున, జిగురు కారి ఎండిపోయి ఉంది. పక్క చెట్టుకీ ఉందేమో, ఇంకోసారి వెళ్ళొస్తా.