మెడికల్ షాపు గుడ్‌విల్‌కి 25 లక్షలు అడుగుతున్నారు, లెక్క సరైనదేనా?

కాకినాడ కుర్రాడు
అందరికీ నమస్కారం. మా ఏరియాలో బాగా నడుస్తున్న మెడికల్ షాపు ఒకటి అమ్మకానికి వచ్చింది. ఓనరు గారు పెద్దాయన, పిల్లల దగ్గరికి వెళ్లిపోతున్నారు. స్టాకు, సామాను విలువ విడిగా కట్టాలి, ఆ పైన గుడ్‌విల్ 25 లక్షలు ఇవ్వాలంటున్నారు. లెక్క కాగితం మీద రాసి చూపించారు. లాభాలు 2021-22లో 16.1 లక్షలు, ఆ తర్వాత మూడేళ్లు వరుసగా 10.8, 11.4, 11.7. మొత్తం 50 లక్షలు, సగటు 12.5, దానికి రెండేళ్లు కడితే 25.

స్టాకు 18 లక్షలు, ఫ్రిజ్, ర్యాకులు, కంప్యూటర్ కలిపి 3, జనం దగ్గర అప్పు ఖాతా 1, స్టాకిస్టులకు కట్టాల్సింది 6. గది ఆయనదే, నాకు నెలకు 15 వేలకు అద్దెకిస్తానన్నారు. నేను మెడికల్ రెప్‌ని, ఫార్మసీ చదవలేదు. షాపులో నేనే కూర్చుంటాను. 25 ఇవ్వొచ్చా?

బీకాం ఫస్ట్ క్లాస్
సగటు లాభం పద్ధతి అందరూ ఒప్పుకునేదే, తప్పేం లేదు. కాకపోతే మీరు మూలధనీకరణ పద్ధతిలో కూడా వేసి చూడండి. సగటు లాభాన్ని బ్యాంకు ఎఫ్‌డీ రేటుతో భాగించి, పెట్టిన మూలధనం తీసేస్తే గుడ్‌విల్ వస్తుంది. 12.5ని 7 శాతంతో భాగిస్తే 178 లక్షలు దాటుతుంది. అందులోంచి మూలధనం 16 తీసినా 160 పైనే. ఆయన 25కే ఇస్తున్నారంటే బేరం బాగున్నట్టే.

ఆడిటర్ బాబాయ్
ఫస్ట్ క్లాస్ గారూ, సూత్రం కరెక్టే, అందులో వేసిన రెండు అంకెలూ కరెక్టు కాదు. కాకినాడ తమ్ముడూ, ముందు లాభం సంగతి చూద్దాం.

2021-22 అంటే ఏప్రిల్ 2021తో మొదలు. కరోనా సెకండ్ వేవ్ అందులోనే పడింది. మాస్కులు, ఆక్సీమీటర్లు, శానిటైజర్లు, విటమిన్ మాత్రలు ఎలా అమ్ముడుపోయాయో రెప్‌గా నీకు నేను చెప్పక్కర్లేదు. ఆ ఏడాది మళ్లీ రాదు కాబట్టి అది తీసెయ్. మిగిలిన మూడేళ్ల సగటు 11.3.

ఇప్పుడు ఆ 11.3 ఎవరి కష్టంతో వచ్చిందో చూడు. ఆయన గదికి అద్దె కట్టలేదు, నువ్వు ఏడాదికి 1.8 లక్షలు కడతావు. ఫార్మసిస్టు ఆయనే అయి ఉంటాడు, నువ్వు జీతానికి పెట్టుకోవాలి. నెలకు 20 వేలు అనుకుంటే 2.4 లక్షలు. పొద్దున్నుంచి రాత్రి దాకా కౌంటర్లో కూర్చునే నీకూ ఒక జీతం ఉండాలి కదా, కనీసం నెలకు 25 వేలు వేసుకో, 3 లక్షలు. ఇవన్నీ పోతే మిగిలేది 4.1 లక్షలు. షాపు వల్ల వచ్చే లాభం అంటే అదీ. 12.5లో మూడో వంతు కూడా లేదు.

కాకినాడ కుర్రాడు
ఫార్మసిస్టు ఆయనే బాబాయ్, సర్టిఫికెట్ గోడకి తగిలించి ఉంది. కానీ నా జీతం కూడా తీసెయ్యడమేంటి? లాభం నా జేబులోకేగా వచ్చేది?

ఆడిటర్ బాబాయ్
ఇప్పుడు కంపెనీలో నీకు జీతం వస్తోంది కదా, అది మానేసి ఇక్కడికి వస్తున్నావు. నీ పని నువ్వు చేసుకున్నందుకు వచ్చే డబ్బుకి ఆయనకి గుడ్‌విల్ ఎందుకు కట్టాలి?

ఇక మూలధనం. ఆస్తులు 22, అప్పులు 6, నికరంగా 16 లక్షలు. ఆ 16 లక్షలు ఇలాంటి చిల్లర వ్యాపారంలో పెట్టినవాడు ఎంత ఆశిస్తాడు? ఎఫ్‌డీలో పెట్టి ఇంట్లో పడుకున్నా 7 శాతం వస్తుంది. ఎక్స్‌పైరీ, అరువు, ఎదురుగా డిస్కౌంట్ బోర్డుతో కొత్త షాపు పడుతుందన్న టెన్షన్, ఇవన్నీ ఉన్నచోట 15 అయినా రావాలి. 16 మీద 15 శాతం 2.4 లక్షలు. 4.1లో అది తీస్తే 1.7 లక్షలు, ఇదే సూపర్ ప్రాఫిట్. మూడేళ్లు కడితే గుడ్‌విల్ 5.1 లక్షలు.

అదే మూలధనీకరణలో అయితే 4.1ని 15 శాతంతో భాగిస్తే 27.33, అందులో 16 పోతే 11.33 లక్షలు. సూపర్ ప్రాఫిట్ 1.7ని నేరుగా 15 శాతంతో భాగించినా అదే 11.33 వస్తుంది, రెండు రకాలుగా వేసి సంబరపడక్కర్లేదు. మూడేళ్లు కట్టడం అంటే ఈ అదనపు లాభం ఇంకో మూడేళ్లు ఉంటుందని ఒప్పుకోవడం. మూలధనీకరణ అంటే ఎప్పటికీ ఉంటుందని ఒప్పుకోవడం. 5కీ 11కీ తేడా అంతా అక్కడే ఉంది.

షట్టర్ దించాను
కొనేవాళ్ల తరఫున అందరూ బాగానే చెప్తున్నారు. నేను ఫ్యాన్సీ షాపు అమ్మినవాణ్ని, అమ్మేవాడి వైపు నుంచి మాట్లాడతాను. ఆ పెద్దాయన ఎన్నేళ్లుగా అక్కడ కూర్చుంటే ఆ పేరు వచ్చింది? తమ్ముడు ఇదే వీధిలో కొత్తగా షాపు తెరిస్తే మొదటి నెల నుంచీ ఈ లాభం వస్తుందా? రెండేళ్లు ఫార్మసిస్టు జీతం, అద్దె చేతి నుంచి కట్టుకోవాలి. ఆ నష్టం ఎంతో లెక్క వెయ్యమనండి. అదంతా తప్పించి నడుస్తున్న షాపు చేతికిస్తుంటే 5 లక్షలు అనడం అవమానం.

ఇంకోటి. నాలుగైదు షాపులున్నవాడు వస్తే స్టాకిస్టు దగ్గర అతనికి మార్జిన్ ఇంకా మంచిది దొరుకుతుంది. కౌంటరు మీద మనిషిని కూడా తక్కువ జీతానికి సర్దుకుంటాడు. అతని చేతిలో ఈ షాపు లాభం 4.1 కాదు, 6 కావచ్చు. అలాంటి కొనుగోలుదారు ఉంటే నేను 5.1 అన్నవాడి ముఖం కూడా చూడను.

ఆడిటర్ బాబాయ్
ఒప్పుకుంటాను, మంచి మాట. 6 లక్షలైతే 15 శాతం దగ్గర మూలధనీకరణ విలువ 40, 16 పోతే 24 లక్షలు. ఆయన 25 దగ్గరికే వచ్చేసింది చూడండి. పెద్దాయన కోట్ చేసింది ఆ రకం కొనుగోలుదారుకి సరిపోయే ధర. కుర్రాడు ఆ రకం కాదు. అతను కట్టాల్సింది తన చేతిలో ఆ షాపు ఎంత సంపాదిస్తుందో దాన్ని బట్టి. కొత్త షాపు పెడితే పోయే డబ్బు అన్నారే, అది గరిష్ఠం. దానికన్నా ఎక్కువ అడిగితే లేచి వచ్చేయొచ్చు.

భాగస్వామి నం. 3
మా ఫర్మ్‌లోంచి నేను బయటికి వస్తున్నాను. డీడ్‌లో "గత మూడేళ్ల సగటు లాభానికి రెండేళ్లు" అని రాసి ఉంది. ఇక్కడ సూపర్ ప్రాఫిట్ పద్ధతి అడగొచ్చా? మిగతా ఇద్దరూ కుదరదంటున్నారు.

ఆడిటర్ బాబాయ్
మీది వేరే సంగతి సార్, కొత్త థ్రెడ్ పెట్టండి. డీడ్‌లో పద్ధతి రాసి సంతకం పెట్టాక దాన్నే పట్టుకోవాలి. మీ మిగతా ఇద్దరూ కరెక్టే.

గోదారి గట్టు
మాది కూడా మెడికల్ షాపే, పక్క జిల్లా. లెక్కలు తర్వాత, ముందు ఒక పని చెయ్యి తమ్ముడూ. ఆయన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో డాక్టరు వారీగా సేల్స్ రిపోర్ట్ వస్తుంది, ఒక ఏడాదిది తీయించు. షెడ్యూల్ హెచ్ మందుల బిల్లులో డాక్టరు పేరు వేస్తారు కాబట్టి ఏ చీటీ ఎక్కడి నుంచి వస్తోందో తెలిసిపోతుంది. సగానికి పైగా ఒకే క్లినిక్ నుంచి వస్తుంటే గుడ్‌విల్ షాపుది కాదు, ఆ డాక్టరు గారిది. ఆయన క్లినిక్ మారిస్తే నీ లాభం ఆ నెలే సగమవుతుంది.

ఆయన డ్రగ్ లైసెన్సు నీకు రాదు, నీ పేరు మీద కొత్తగా తీసుకోవాలి. అది చేతికి వచ్చేదాకా డబ్బు మొత్తం ఇవ్వకు. స్టాకు 18 లక్షలన్నారు కదా, ఎక్స్‌పైరీ దగ్గరపడిన స్ట్రిప్పులు అందులో ఎన్ని ఉన్నాయో నువ్వే ర్యాకు ర్యాకు తీసి చూసుకో. అవి తీసేస్తే మూలధనం 16 అన్నది కూడా తగ్గుతుంది.

కాకినాడ కుర్రాడు
అన్నా, కళ్లతో చూసినట్టు చెప్పావు. పైన మెట్లెక్కితే పిల్లల డాక్టరు గారి క్లినిక్. రిపోర్ట్ అడిగాను, పెద్దాయన వెంటనే తీసి ఇచ్చారు. అమ్మకాల్లో 58 శాతం ఆ చీటీలే. డాక్టరు గారి క్లినిక్ లీజు ఇంకా రెండేళ్లు ఉందట.

ఇంకో మాట కూడా అన్నారు. "రిటర్నుల్లో చూపించింది ఇంతే గానీ అసలు లాభం ఇంకా ఎక్కువ" అని.

ఆడిటర్ బాబాయ్
అది నమ్మకు. లెక్కల్లో లేని లాభానికి గుడ్‌విల్ కట్టేది లేదు. అనుమానం ఉంటే స్టాకిస్టుల దగ్గర ఆయన కొన్నవి జీఎస్‌టీ పోర్టల్‌లో 2బీ స్టేట్‌మెంట్‌లో ఉంటాయి, వాటితో అమ్మకాలు సరిపోల్చు. లీజు రెండేళ్లే అయితే మూడేళ్ల లెక్క కూడా నిలబడదు. 1.7కి రెండేళ్లు కట్టు, 3.4 లక్షలు. లేదా కొంత ఇప్పుడు ఇచ్చి, డాక్టరు గారు లీజు రెన్యూ చేస్తేనే మిగతాది ఇస్తానని కాగితం రాయించుకో.

షట్టర్ దించాను
3.4కి ఎవరూ ఇవ్వరు బాబాయ్. అంతకన్నా గది ఖాళీ చేసి కొత్తవాళ్లకి అద్దెకిచ్చి స్టాకు వెనక్కి పంపించుకుంటాడు. అన్నట్టు పన్ను సంగతి ఎవరూ చెప్పలేదు. నాకు గుడ్‌విల్ డబ్బు మొత్తం క్యాపిటల్ గెయిన్ అయింది. సొంతంగా సంపాదించుకున్న పేరుకి కొన్న ఖర్చు సున్నా అన్నారు.

ఆడిటర్ బాబాయ్
అవును, లాంగ్ టర్మ్ కాబట్టి ఇప్పుడు 12.5 శాతం, సెస్సు అదనం. కొనేవాడికి 2021 ఫైనాన్స్ యాక్ట్ తర్వాత గుడ్‌విల్ మీద తరుగుదల రాదు, ఫ్రిజ్ ర్యాకుల మీద వస్తుంది. అందుకని కొనేవాడు సామాను విలువ కాస్త ఎక్కువ రాయమంటాడు. మార్కెట్ ధర దాటి రాస్తే మాత్రం ఇద్దరికీ తలనొప్పి.

బీకాం ఫస్ట్ క్లాస్
బాబాయ్, ఒక డౌట్. 15 శాతమే ఎందుకు, 12 ఎందుకు కాదు? 12 పెడితే 4.1 కాస్తా 34.17 అవుతుంది, గుడ్‌విల్ 18 దాటుతుంది.

ఆడిటర్ బాబాయ్
అడగాల్సిన ప్రశ్నే అడిగావు. ఆ రేటుకి పుస్తకంలో సమాధానం లేదు. అమ్మేవాడు తక్కువ రేటు అడుగుతాడు, కొనేవాడు ఎక్కువ అడుగుతాడు, బేరమంతా దాని మీదే. 58 శాతం ఒక్క డాక్టరు మీద ఆధారపడ్డ షాపుకి నేనైతే 18 పెడతాను. అప్పుడు 4.1ని భాగిస్తే 22.78, గుడ్‌విల్ 6.78 లక్షలు.

కాకినాడ కుర్రాడు
7 లక్షలు అన్నాను. 4 ఇప్పుడు, 3 లీజు రెన్యూ అయ్యాక. పెద్దాయన 12 కన్నా తగ్గనన్నారు, విడతలకి మాత్రం ఒప్పుకున్నారు. ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం. ఈలోగా డాక్టరు గారితో లీజు గురించి నేనే నేరుగా మాట్లాడొచ్చా, లేక పెద్దాయనకి చెడ్డగా అనిపిస్తుందా?

గోదారి గట్టు
ముందు పెద్దాయనకి చెప్పి, ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లు. రెప్‌గా ఆ డాక్టరు గారిని నువ్వు ముందే కలిసి ఉంటావుగా?