రూపాయి ఇంకా పడుతుందంటున్నారు, డబ్బు పంపకుండా ఆగాలా?

గుణుపురం, కొత్త సభ్యుడు: నమస్కారం. షార్జా వచ్చి మూడు నెలలైంది. ఇంటి శ్లాబుకు నాన్నగారికి 5,000 దిర్హాములు పంపాలి. డాలరు ఇంకా పెరుగుతుందని నిపుణులు అంటున్నారు. నెల ఆగితే లాభమా?

పర్లాకిమిడి పెద్దాయన: ఆగవద్దు బాబూ, నేను ఆగి నష్టపోయాను. దిర్హాము డాలరుకు కట్టి ఉంటుంది, డాలరు ఎటు పోతే అటే పోతుంది. 2013 మే మొదట్లో డాలరు 54 రూపాయల దగ్గర ఉంది, ఆగస్టు 28న 68 దాటింది. 70 ఖాయమన్నారు. కౌంటరు ముందు వరుస మెట్ల దాకా వచ్చింది. నేను వరుసలోంచి తప్పుకొని గదికి వెళ్లిపోయాను. చమురు కంపెనీలకు నేరుగా డాలర్లు ఇస్తామని రిజర్వు బ్యాంకు ఆ రోజే ప్రకటించింది. అక్టోబరుకు డాలరు 62 దగ్గరికి దిగింది. దిర్హాము 18.50 నుంచి 16.90 అయింది. 5,000 మీద 8,000 రూపాయలు పోయాయి. ఆ డబ్బు చెల్లి పెళ్లికి దాచింది.

బరంపురం: ఒక్క ఏడాది చూపి భయపెట్టకండి. 2008 మొదట్లో నేను వచ్చినప్పుడు డాలరు 40 లోపే. ఆగినవాడికే లాభం.

రాయగడ, లెక్కల మాస్టారు: అన్నా, మీది ఏళ్ల లెక్క, తమ్ముడు అడిగింది నెల లెక్క. ఏళ్ల తరబడి మన ధరలు అమెరికాలోకంటే వేగంగా పెరిగితే రూపాయి తగ్గుతుంది. కానీ అంతకాలం డబ్బు ఇక్కడే ఉంచితే, అక్కడి డిపాజిట్ మీద వచ్చే ఎక్కువ వడ్డీ పోతుంది. నెలల లెక్కకు వస్తే, 1983లో మీస్, రోగాఫ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు మారకపు రేటును అంచనా వేసే అప్పటి సూత్రాలను పరీక్షించారు. వడ్డీరేట్ల వంటివి తర్వాత నిజంగా ఎంతయ్యాయో ఆ సూత్రాలకు ముందే అందించినా, ఏడాది లోపు అంచనాల్లో "నేటి రేటే రేపటి రేటు" అన్న మాటను ఓడించలేకపోయాయి. టీవీలో నిపుణుడు చెప్పే కారణం డీలర్లకు ముందే తెలుసు, దాన్నిబట్టి కొనడం, అమ్మడం అయిపోయింది. ఇక రేటును కదిపేది ఇంకా రాని వార్తే. ఆగస్టు 28 ప్రకటన లాంటిది. అడుగు ఎటు పడుతుందో తెలియని ఆ నడకనే ర్యాండమ్ వాక్ అంటారు. నేటి రేటు కూడా తప్పుతుంది, కానీ మిగతా జోస్యాలు అంతకంటే మెరుగ్గా చెప్పలేవు.

బరంపురం: రిజర్వు బ్యాంకు డాలర్లు అమ్మి వారాల తరబడి రేటును పట్టి ఉంచుతుంది. అది ఎటుపడితే అటు నడక ఎలా అవుతుంది?

రాయగడ: ఆ మాట నిజమే, అప్పుడు అడుగులు చిన్నవి. కానీ చేయి ఎప్పుడు వదిలేదీ ముందు చెప్పదు కదా.

బరంపురం: దిశ తెలిస్తే చాలంటాను నేను.

కోరాపుట్ అక్క: ముందు ఏ కౌంటరులో పంపుతున్నావో చెప్పు తమ్ముడూ. ఛార్జీ లేదని బోర్డు పెట్టినచోట నాకు దిర్హాముకు 20 పైసలు తక్కువ ఇచ్చారు. 5,000కి వెయ్యి రూపాయలు! పక్క కౌంటరు రేటు చూపించినా వినలేదు.

గుణుపురం, కొత్త సభ్యుడు: సిమెంటుకు శనివారం కట్టాలి. రెండు కౌంటర్లలో చేతికొచ్చే రూపాయలు అడిగి రేపే పంపేస్తాను.