ఇంత వివరంగా రాశాను, ఒక్కరూ ఏదీ తేల్చలేదు

301 సెక్రటరీ
మాది స్టిల్ట్ మీద అయిదంతస్తులు, ఇరవై ఫ్లాట్లు. ఎవరూ ముందుకు రాకపోతే ఈ ఏడాది నన్ను సెక్రటరీని చేశారు. లిఫ్ట్ గురించి ఓనర్ల గ్రూపులో ఈ కింది మెసేజ్ పెట్టి నాలుగు రోజులైంది. పదకొండు బొటనవేళ్లు, రెండు దణ్ణాలు, ఒక "గుడ్ జాబ్ సర్" వచ్చాయి. ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. దీన్ని ఎలా రాస్తే జవాబులు వస్తాయి?

"అందరికీ నమస్కారం. మన లిఫ్ట్ 2009లో పెట్టింది. ఆరు నెలల్లో ఏడుసార్లు ఆగింది. జూన్‌లో ఒక పెద్దావిడ ఇరవై నిమిషాలు లోపల ఇరుక్కుపోయారు. కంట్రోలర్ పాడైందనీ, ఆ మోడల్ బోర్డులు ఇప్పుడు రావడం లేదనీ మెకానిక్ అన్నాడు. కంట్రోలర్, కరెంటు పోతే దగ్గరి అంతస్తుకు చేర్చే ఏఆర్‌డీ మాత్రం మారిస్తే 2,40,000. మోటారు, తాళ్లు, తలుపులు కూడా మారిస్తే 6,80,000. ఖాతాలో 1,60,000 ఉంది కానీ వాచ్‌మన్ జీతం, కరెంటు బిల్లు అందులోంచే కట్టాలి. లిఫ్ట్ మెయింటెనెన్స్ కాంట్రాక్టు, అంటే ఏఎంసీ, ఈ నెలాఖరుకి అయిపోతోంది. కొటేషన్ ధర 25వ తేదీ వరకే. కాబట్టి అందరూ ఆలోచించి మీ అభిప్రాయాలు, సలహాలు తెలియజేయగలరు."

కాఫీ ఎక్కువ
చాలా పెద్దదండీ. ఆ కథంతా తీసేసి పోల్ పెట్టండి. 2.4 లక్షలా, 6.8 లక్షలా? అయిపోయింది.

పాత గుమాస్తా
పొడవు వల్ల కాదు, చివరి వాక్యం వల్ల వచ్చింది చిక్కు. "అభిప్రాయాలు తెలియజేయగలరు" అంటే చదివినవాడికి తను ఏం చెప్పాలో తెలియదు. అందుకే బొటనవేలు పెట్టి వెళ్లిపోతాడు. నేను ముప్పై ఏళ్లు ప్రభుత్వాఫీసులో నోట్ ఫైళ్లు రాశాను. ఎన్ని పేజీలు రాసినా చివర ఫలానా దానికి అనుమతి కావాలని అడక్కపోతే మా ఆఫీసరు మార్జిన్‌లో "స్పీక్" అని ఒక్క మాట రాసి వెనక్కి పంపేవారు.

ఆ పేరాలో ప్రతి వాక్యం దగ్గరా ఆగి, దీనికి ఓనరు ఏదైనా తేల్చాలా అని అడగండి. 2009, ఏడుసార్లు, మెకానిక్ మాట, ఇవన్నీ సమాచారం. వీటికి జవాబు అక్కర్లేదు. కొటేషన్ల దగ్గర ఒక నిర్ణయం కనిపిస్తోంది. ఖాతా వాక్యంలో ఇంకోటి దాక్కుంది: ఆ డబ్బు ముట్టుకోవచ్చా? మీరు దాన్ని అడగనే లేదు, "కానీ" అని వదిలేశారు. అలాంటి "కానీ"ల దగ్గరే అసలు ప్రశ్నలు ఉంటాయి.

కాఫీ గారూ, పోల్‌తో ఒక తంటా ఉంది. పోల్ ఫోన్లని లెక్కపెడుతుంది, ఫ్లాట్లని కాదు. భార్యాభర్తలిద్దరూ గ్రూపులో ఉంటే రెండు ఓట్లు.

గ్రౌండ్ ఫ్లోర్ బాధితుడు
లిఫ్ట్ ఎక్కని మేమెందుకు కట్టాలి? మా అపార్ట్‌మెంట్‌లో నా దగ్గర కూడా సమానంగా వసూలు చేశారు. ముందు అది తేల్చండి.

301 సెక్రటరీ
మాకు కింద పార్కింగే సార్, ఫ్లాట్లు లేవు. మీ గొడవ వేరే.

గుమాస్తా గారు చెప్పినట్టు ప్రయత్నించాను. 1) లిఫ్ట్ బాగుచేయాలా వద్దా? 2) ఏ కొటేషన్? 3) డబ్బు ఎలా సర్దుదాం? 4) ఏఎంసీ ఏం చేద్దాం? 5) పని ఎప్పుడు మొదలుపెడదాం?

పాత గుమాస్తా
అయిదోది కమిటీ పని, మీరే తేల్చుకోండి. నాలుగోది ఇప్పుడు అడగొద్దు. మొత్తం మారిస్తే కొత్త కంపెనీ వారంటీ ఇస్తుంది, కంట్రోలర్ మాత్రమే అయితే పాత ఏఎంసీ మాట్లాడుకోవాలి. అంటే రెండో ప్రశ్న తేలకుండా దీనికి జవాబు లేదు. మూడోదాంట్లో "ఎలా" ఉంది. ఎలా అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో వ్యాసం రాస్తారు. లెక్క మీరే వేసి, అవును, కాదు అనేలా ఇవ్వండి. ఒకటోది అనవసరం, బోర్డులే దొరకనప్పుడు వద్దనేవాడెవడు?

డాలస్ నుంచి
నేనంటాను! ఫ్లాట్ అద్దెకిచ్చి ఇక్కడ ఉన్నాను, ఈ ఏడాది ఖర్చు పెట్టలేను. ఆ వీలు లేకపోతే నేను జవాబే ఇవ్వను. అసలు నాకు కావలసింది ఒకటే: నా వాటా ఎంత? 2,40,000 అంటే ఏం అర్థమవుతుంది, ఇరవైతో నేనే భాగించుకోవాలా? అన్నట్టు కథ మొత్తం తీసేయకండి. ఎందుకు రిపేరు కాదని మొదట అడిగేది మాలాంటి దూరంగా ఉన్నవాళ్లమే.

పాత గుమాస్తా
ఒప్పుకుంటున్నాను. "ఇప్పుడు వద్దు" కూడా పెట్టాలి, అయితే దాని ఫలితంతో సహా. కథ కింద ఉంచండి, ప్రశ్నలు పైన.

301 సెక్రటరీ
ఇదిగో మార్చాను:

"లిఫ్ట్ గురించి ప్రతి ఫ్లాట్ నుంచి రెండు నిర్ణయాలు కావాలి. 19 శనివారం రాత్రి 8 లోపు ఇలా రాయండి: 204 – 1అ, 2 అవును.

1. ఏ పని చేయిద్దాం?
అ) కంట్రోలర్, ఏఆర్‌డీ మాత్రం: 2,40,000
ఆ) మోటారు, తాళ్లు, తలుపులతో సహా: 6,80,000
ఇ) ఇప్పుడు ఏదీ వద్దు. మళ్లీ ఆగితే లిఫ్ట్ మూసేస్తాం, 25 తర్వాత కొత్త కొటేషన్ తెప్పించాలి.
కమిటీ మాట: అ. మోటారు, తాళ్లు ఇంకా బాగున్నాయని మెకానిక్ చెప్పాడు.

2. ఖాతాలోంచి 1,00,000 వాడదామా?
అవును అంటే మీ వాటా: అ అయితే 7,000, ఆ అయితే 29,000. జీతాలకీ బిల్లులకీ 60,000 మిగులుతుంది.
కాదు అంటే: అ అయితే 12,000, ఆ అయితే 34,000.

పూర్తి వివరాలు కింద ఉన్నాయి."

దాని కింద పాత పేరాలో మొదటి నాలుగైదు వాక్యాలు ఉంచాను.

కాఫీ ఎక్కువ
బాగుంది. "జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే" అని ఒక లైను కలపండి, ఛస్తే రాస్తారు.

పాత గుమాస్తా
మెకానిక్ ఎన్నింటికి రావాలన్న దానికైతే ఆ లైను చెల్లుతుంది. డబ్బుకు పెట్టొద్దు. వసూలుకి వెళ్లినప్పుడు "నేనెప్పుడు ఒప్పుకున్నాను" అంటారు. సెక్రటరీ గారూ, ఇంత ఖర్చుకి మీ బైలాస్‌లో ఏముందో చూశారా?

301 సెక్రటరీ
ఇప్పుడే చూశాను. లక్ష దాటితే జనరల్ బాడీ తీర్మానం కావాలట.

పాత గుమాస్తా
అయితే మొదటి లైనులోనే చెప్పేయండి: "20 ఆదివారం మీటింగ్‌లో ఈ రెండే అజెండా, ఈ జవాబులు దానికి ముందు లెక్క కోసం." లేకపోతే గ్రూపులో రాశాం కదా అని మీటింగ్‌కి ఎవరూ రారు.

301 సెక్రటరీ
ఆ లైను కలిపి నిన్న సాయంత్రం పెట్టాను. ఇప్పటికి పద్నాలుగు ఫ్లాట్లు రాశాయి. పదకొండు 1అ, రెండు 1ఆ, ఒకటి 1ఇ. రెండో ప్రశ్నకి పన్నెండు మంది అవునన్నారు, ఇద్దరు వదిలేశారు. ఒకాయన "1అ, కానీ రెండు వాయిదాల్లో" అని రాశారు.

పాత గుమాస్తా
ఆ "కానీ" దగ్గర మూడో ప్రశ్న ఉంది. గ్రూపులో ఇప్పుడు కలపకండి, ఇప్పటికే రాసినవాళ్లు మళ్లీ రాయరు. మీటింగ్‌లో అడగండి.

డాలస్ నుంచి
మీటింగ్‌కి రాలేనివాళ్లం గ్రూపులో రాసింది ఓటు కింద లెక్కేనా?

301 సెక్రటరీ
బైలాస్‌లో దాని గురించి ఒక్క ముక్క లేదండీ. ప్రెసిడెంటు గారు లెక్కే అంటున్నారు, ట్రెజరర్ గారు కాదంటున్నారు.