‘కోణం సైన్ రెట్టింపు’ అంటే రెట్టింపయ్యేది ఏది?

ప్రశ్న (నేను): ఇంటర్ చదువుతున్న మా చెల్లెలి కొడుక్కి ప్రక్షేపకాల పాఠం, అంటే విసిరిన వస్తువులు ఎలా సాగుతాయన్నది, తెలుగులో నోట్సు రాసిస్తున్నాను. ‘వ్యాప్తి, ప్రక్షిప్త కోణం సైన్ రెట్టింపుకు అనులోమానుపాతంలో ఉంటుంది’ అని రాశాను. వాడు దాన్ని 2 sin θ అని చదువుకుని లెక్క చేశాడు. నా ఉద్దేశం sin 2θ. తప్పు వాడిదా, నా వాక్యానిదా?

ఒకరు: వ్యాప్తి అంటే డెంగీ వ్యాప్తి లాంటిది కదండీ. బంతికి వ్యాప్తి ఏమిటి? దూరం అంటే సరిపోదా?

ఫిజిక్స్ మాస్టారు: అడిగింది అది కాదు కానీ, చెప్తాను. దూరం అంటే బంతి గాల్లో తిరిగిన వంపు పొడవు అని కూడా అనుకోవచ్చు. విసిరిన చోటి నుంచి మళ్ళీ అదే మట్టానికి దిగిన చోటి దాకా నేల మీద కొలిస్తే అది వ్యాప్తి. ‘అదే మట్టం’ అన్నది మరిచిపోకండి, దానితో తర్వాత పని పడుతుంది.

ఇంకొకరు: 2 లోపలున్నా బయటున్నా పెద్ద తేడా రాదండీ. ఇప్పుడే కాలిక్యులేటర్‌లో చూశాను. 5 డిగ్రీలకి sin 10° 0.1736 వచ్చింది, 2 sin 5° 0.1743 వచ్చింది.

మాస్టారు: చిన్న కోణాలకి మీ మాట నిజమే. అందుకే ఈ తప్పు చాలాసార్లు బయటపడదు. కోణం పెంచి చూడండి. వ్యాప్తి సూత్రం u² sin 2θ / g కదా. విసిరిన వేగం u సెకనుకు 20 మీటర్లు, గురుత్వ త్వరణం g 10 అనుకుందాం. 60 డిగ్రీలకి ఆ అబ్బాయి పద్ధతిలో 69 మీటర్లు వస్తుంది. అసలు ఆ వేగంతో ఏ కోణంలో విసిరినా 40 మీటర్లు దాటదు. sin 2θ ఎప్పుడూ 1 దాటదు, ఆ 1 వచ్చేది కూడా 45 డిగ్రీలకే, కాబట్టి u²/g అనేదే హద్దు. జవాబు ఆ హద్దు దాటిందంటే 2 బయటికొచ్చేసిందని అర్థం. సరైన జవాబు 34.6.

నేను: మాస్టారూ, అసలు ఆ 2 లోపలికి ఎలా వెళ్ళిందో చెప్పగలరా? వాడి సందేహం కూడా అదే.

మాస్టారు: మొదట అది బయటే ఉంటుందమ్మా. బంతి పైకి వెళ్ళడానికి u sin θ / g సెకన్లు, దిగడానికి మళ్ళీ అంతే. ఆ రాకపోకల వల్ల వచ్చిన 2 అది. ఆ సేపంతా అడ్డంగా సాగే వేగం u cos θ. రెండూ గుణిస్తే u²/g పక్కన 2 sin θ cos θ వస్తుంది, అదే sin 2θ. అంటే 2 లోపలికి వెళ్తూ cosను కూడా వెంట తీసుకెళ్ళింది. మీవాడు cosను వదిలేసి 2ను మాత్రం బయట ఉంచాడు.

60 డిగ్రీలకి 3.46 సెకన్లు, అడ్డ వేగం 10. 30 డిగ్రీలకి 2 సెకన్లు, అడ్డ వేగం 17.3. రెండింటికీ 34.6 మీటర్లే. ఒకటి ఎక్కువసేపు గాల్లో ఉంటుంది, ఇంకొకటి వేగంగా సాగుతుంది. ఎత్తులో మాత్రం పోలికే లేదు, 15 మీటర్లు, 5 మీటర్లు. ఎత్తు సూత్రంలో ఉన్నది sin²θ. అక్కడ 2 ఇంకో చోట కూర్చుంది. ‘కోణం సైన్ వర్గం’ అని రాస్తే మళ్ళీ ఇదే గొడవ, వర్గం చేయాల్సింది కోణాన్నా, సైన్‌నా?

ఒక రైతు: మా పల్లిచేలో రెయిన్ గన్ ఉంది. 45 అయితేనే నీళ్ళు దూరం పోతాయని మీ లెక్క. కంపెనీవాడు నాజిల్‌ని అంతకంటే బాగా కిందికి వంచి ఇచ్చాడు. మోసమా?

మాస్టారు: కాదులెండి. ఈ సూత్రంలో గాలే లేదు. నీటి ధార చినుకులుగా విడిపోయాక గాలి బాగా అడ్డుకుంటుంది, పైకి పంపేకొద్దీ ఈదురుగాలికి పక్కచేలో పడుతుంది. దానికితోడు నాజిల్ నేల మట్టంలో ఉండదు, స్టాండు మీద ఉంటుంది. విసిరిన చోటు కంటే కింద పడేదానికి గాలి లేకపోయినా 45 కంటే తక్కువ కోణమే మేలు. షాట్‌పుట్ వేసేవాళ్ళకీ అంతే, గుండు భుజం కంటే పైనుంచి బయల్దేరుతుంది.

రైతు: పక్కచేలో పడే సంగతి నిజమే, పోయిన ఏడాది దాని మీదే మాటా మాటా అనుకున్నాం.

తెలుగు టీచర్: అసలు ప్రశ్నకి వద్దాం. తెలుగులో విశేషణం ముందే రావాలి. ‘రెట్టింపు’ చివరికి పోతే అది తనకు ముందున్న సైన్‌నే పట్టుకుంటుంది. కుర్రాడు వాక్యాన్ని సరిగ్గానే చదివాడు. ‘రెట్టింపు కోణపు సైన్’ అనండి.

నేను: ‘ద్విగుణ కోణం సైన్’ అని రాస్తే?

తెలుగు టీచర్: అర్థం చెడదు. కానీ పైకి చదివి వినిపించినప్పుడు ‘ద్విగుణ’ తర్వాత కాస్త ఆగితే, అది కోణానికా మొత్తానికా అన్నది మళ్ళీ మొదటికొస్తుంది. ‘కోణపు’లోని ‘పు’ ఆ రెండింటినీ కట్టేస్తుంది.

మాస్టారు: పరీక్షలో మాత్రం సూత్రమే రాయమనండి. ‘రెట్టింపు కోణపు’ అని రాస్తే దిద్దేవాళ్ళకి కొత్తగా ఉంటుంది.

తెలుగు టీచర్: దిద్దేవాళ్ళకి కొత్త అని పిల్లలకి అర్థం కాని మాట ఎందుకండీ?