అద్దం నుంచి తిరిగివచ్చే కాంతిలో భ్రమణం రెట్టింపవుతుందా, రద్దవుతుందా?

హనుమకొండ ఎమ్మెస్సీ విద్యార్థి: 10 సెం.మీ. ఫ్లింట్ గాజు కడ్డీని కాయిల్‌లో పెట్టి ఎర్ర లేజర్‌ను పంపితే, 0.01 టెస్లా అయస్కాంత క్షేత్రం దగ్గర కాంతి కంపించే తలం, అంటే ధ్రువణ తలం, 1.1 డిగ్రీలు తిరిగింది. అవతలి కొసన అద్దం పెట్టి కాంతిని వెనక్కి రప్పించి, సగం అద్దంతో పక్కకు మళ్లించి చూస్తే 1.8 వచ్చింది. ఇది 2.2 కావాలా, సున్నా కావాలా?

జనగామ అధ్యాపకుడు: సున్నా కావాలి. తిరుగు ప్రయాణంలో కుడి ఎడమ అవుతుంది కదా. మా కళాశాలలో చక్కెర ద్రావణంతో చేసినప్పుడు, అద్దం పెట్టగానే భ్రమణం పూర్తిగా పోయింది.

కాజీపేట విశ్రాంత ప్రయోగశాల సహాయకుడు: అధ్యాపకులు చక్కెర విషయంలో చెప్పింది నిజమే, కానీ గాజు సంగతి వేరండీ. చక్కెరలో మలుపు అణువుల మరచుట్టుకు సంబంధించినది. మరను ఎటునుంచి చూసినా చుట్టు ఒకటే కనుక, వెనక్కి వచ్చే కాంతి తాను తిరిగినదాన్ని తానే విప్పేసుకుంటుంది. ఈ గాజులో మాత్రం తలం కాయిల్‌లో కరెంటు తిరిగే వైపుకే తిరుగుతుంది, కాంతి ఎటు పోతున్నా కరెంటు దిశ మారదు కాబట్టి రెండో ప్రయాణం మొదటిదానికి కలుస్తుంది. ఫారడే 1845లో సీసం కలిసిన బరువైన గాజులో దీన్ని కనిపెట్టి, ఆ మరుసటి ఏడు గాజు కొసలకు వెండి పూత పూసి, కాంతిని పలుమార్లు తిప్పి, భ్రమణాన్ని పెంచి చూశారు. కరెంటును తిరగేసి చూడండి. మార్పు వ్యతిరేక దిశలో అంతే వస్తే అది అయస్కాంతం పనే. కాయిల్ వేడికి గాజులో పుట్టే ఒత్తిడి అయితే అలా దిశ మార్చుకోదు.

విద్యార్థి: తిరగేశాను సార్, −1.8 వచ్చింది. మరి మిగతా 0.4 ఎటు పోయింది?

జనగామ అధ్యాపకుడు: నా పోలిక తప్పు, ఒప్పుకుంటున్నాను. అయితే ఆ లోటు అద్దం వల్ల కాదా?

వరంగల్ ఆప్టిక్స్ పరిశోధకురాలు: నాకు సగం అద్దం మీదే అనుమానం. 45 డిగ్రీల వాలులో అది నిలువు కంపనాన్ని, అడ్డు కంపనాన్ని సమానంగా ప్రతిఫలించదు. మీ కాంతి లోపలికి నిలువుగా పోయి కొద్దిగా తిరిగి వస్తోంది. అందులో పుట్టిన చిన్న అడ్డు భాగాన్ని సగం అద్దం ఎక్కువగా తగ్గిస్తే, కోణం కూడా అదే నిష్పత్తిలో చిన్నదిగా కనిపిస్తుంది. దీన్ని తేల్చడానికి లోపలికి పోయే కాంతి కంపన దిశను నిర్ణయించే మొదటి పోలరాయిడ్‌ను 90 డిగ్రీలు తిప్పి కొలవండి. అప్పుడు 2.2 కంటే ఎక్కువ వస్తే దోషం సగం అద్దానిదే. అసలు దాన్ని తీసేసి, వెనకద్దాన్ని రెండు డిగ్రీలు వాల్చి, తిరుగు కిరణాన్ని పక్కనుంచి పట్టుకోవడం మేలు. ఆ వాలు వల్ల దారి పొడవులో తేడా లెక్కలోకి రానంత తక్కువ.

విద్యార్థి: పోలరాయిడ్ తిప్పితే 2.6 వచ్చింది మేడం. కానీ అద్దాన్ని వాల్చితే కిరణం 5 మి.మీ. మందమున్న కడ్డీ అంచుకు తగిలి తెగిపోతోంది.

కాజీపేట విశ్రాంత ప్రయోగశాల సహాయకుడు: వాలును ఒక డిగ్రీకి తగ్గించి, ఫోటోడయోడ్‌ను దూరం జరపండి. అయినా పోయే కిరణం, వచ్చే కిరణం విడివడతాయని గట్టిగా చెప్పలేను.